ఎనిమిది పంక్తులు, ఐదు బొమ్మలు, యాభై ఎనిమిది సెకన్లు

చిన్న కవిత చదివి, దాని వెనక నాలుగు ఫొటోలు, కాస్త సంగీతం పెట్టి వీడియో చేయడం ఇప్పుడు మన ఇళ్లలో అందరికీ అలవాటైపోయింది. పదవీ విరమణ సభలకీ, షష్టిపూర్తులకీ, ఉగాదికీ మన శాఖల వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటివి వస్తూనే ఉంటాయి. చాలావాటిలో కవిత బాగుంటుంది, ఫొటోలు బాగుంటాయి, పాటా బాగుంటుంది. మూడూ కలిసేసరికి మాత్రం ఏదీ మనసులో నిలవదు. కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే: ఏ పంక్తి ఎప్పుడు మొదలవ్వాలి, ఏ బొమ్మ ఎంతసేపు ఉండాలి అని ఎవరూ లెక్క వేసుకోలేదు. ఈ మధ్య మా ఇంట్లో అలాంటి వీడియో ఒకటి లెక్క వేసి మరీ చేశాం. ఆ లెక్కే ఇక్కడ చెబుతాను.

మా నాన్నగారు మన బ్యాంకులోనే హెడ్ క్యాషియర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్లు. తెనాలి దగ్గర మా ఊళ్లో ఉన్న పాత ఇల్లు అమ్మడానికి అన్నదమ్ములందరూ ఒప్పుకున్నాక, ఆయన ఆ ఇంటి నూతి మీద ఎనిమిది పంక్తులు రాశారు. రిజిస్ట్రేషన్‌కి నెల్లాళ్లు టైముంది. నాన్నగారికి ఊపిరితిత్తుల ఇబ్బంది ఉంది, గొంతు ఏడాదికేడాది సన్నబడుతోంది. ఇల్లు ఉండగా, గొంతు ఉండగా ఇది చేసేయాలని అనుకున్నాం. ఎడిటింగ్ పని ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడిది. కవిత ఇదీ:

నాలుగు వాకిళ్లకి ఒకే నుయ్యి
చేంతాడు ఒరిపిడికి రాయి అరిగింది
అమ్మ చేయి ఆనవాలు ఆ గాడిలో ఉంది

పొద్దున్నే గిలక కూతే మా గడియారం
వేసవిలో అడుగున ఆకాశం కనిపించేది
బకెట్టు జారితే గాలం వేసి వెతికేవాళ్లం

ఇప్పుడు గచ్చు కింద నుయ్యి నిద్రపోతోంది
చెవి ఆనిస్తే గిలక వినిపిస్తుంది నాకు

అన్నిటికన్నా ముందు గొంతు రికార్డు చేయాలి. బొమ్మలు పేర్చుకుని వాటికి తగ్గట్టు చదివిస్తే చదివేవాళ్లు రైలు ఎక్కబోతున్నట్టు చదువుతారు. గొంతు ముందుంటే బొమ్మలే దాన్ని అనుసరిస్తాయి. రికార్డింగుకి స్టూడియో అక్కర్లేదు. మేం పడకగదిలో చేశాం. బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి, నాన్నగారిని దానికి ఎదురుగా కూర్చోబెట్టాం. లోపలున్న చీరలూ దుప్పట్లూ శబ్దాన్ని మింగేస్తాయి, అందుకని గది గోడల మారుమోత రాదు. ఫ్యాను ఆపాం, పక్కగదిలో ఫ్రిజ్ ఆ పదినిమిషాలూ ఆపాం, ఫోన్ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాం. ఫోను నోటికి జానెడు దూరంలో, సరిగ్గా ఎదురుగా కాకుండా ఓ పక్కకి ఉండాలి. ఎదురుగా పెడితే ప, బ, భ అన్నప్పుడల్లా ఊపిరి మైకుకి తగిలి ‘టప్’ అని పేలుతుంది. ‘బకెట్టు’ అన్న మాట దగ్గర ఇది వెంటనే తెలిసిపోతుంది.

ఇంకో పని ఉంది. చాలామంది చేయరు గాని నా ఉద్దేశంలో ఇది చాలా ముఖ్యం. చదవడం మొదలుపెట్టే ముందు పది, పదిహేను సెకన్లు ఎవరూ మాట్లాడకుండా, కదలకుండా ఉత్త గదిని రికార్డు చేసుకోవాలి. ఏ గదీ పూర్తిగా నిశ్శబ్దంగా ఉండదు, దానికంటూ ఒక సన్నటి హోరు ఉంటుంది. పంక్తికీ పంక్తికీ మధ్య ఎడం పెంచాలనుకున్నప్పుడు అక్కడ వట్టి ఖాళీ పెడితే, చెవికి శబ్దం తెగినట్టు, ఫోను కట్టయినట్టు అనిపిస్తుంది. ఆ ఖాళీలో ఈ గది హోరు ముక్కని అతికిస్తే మనిషి ఆగాడని అనిపిస్తుంది, మెషీన్ ఆగిందని కాదు.

నాన్నగారు మూడుసార్లు చదివారు. మొదటిసారి కవి సమ్మేళనంలో చదివినట్టు గట్టిగా చదివారు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం ఉగాది కవి సమ్మేళనాలు వింటూ పెరిగిన తరం కదా, కవిత అంటే గొంతెత్తాల్సిందే. రెండోసారి, “నాన్నా, అమ్మకి చెబుతున్నట్టు చదవండి” అన్నాను. అదే వాడుకున్నాం. మూడోసారికి గొంతు అలిసిపోయింది. పెద్దవాళ్లతో రికార్డు చేసేటప్పుడు నాలుగైదు సార్లు చదివిస్తే మంచిది దొరుకుతుందనుకోకూడదు, రెండో దాంట్లోనే దొరకాలి. ఆయన అయిదో పంక్తి ఒక్క ఊపిరిలో చదవలేరు. ‘అడుగున’ దగ్గర ఆగి గాలి పీల్చుకున్నారు. మేనల్లుడు ఆ పీల్పు కోసేస్తానన్నాడు. నేను వద్దన్నాను, శబ్దం సగానికి తగ్గించి ఉంచమన్నాను. ఊపిరి పూర్తిగా తీసేస్తే రెండు మాటలూ అతుక్కుపోయి, గొంతు బొమ్మ మాట్లాడినట్టు వినిపిస్తుంది. పైగా నూతి అడుగుకి తొంగిచూసే చోట మనిషి ఆగడం తప్పేమీ కాదు.

ఇక కాలం లెక్క. ఛందస్సు చదివినవాళ్లకి మాత్రలు లెక్కపెట్టడం అలవాటే. వచన కవితకి అంత అవసరం లేదు, అక్షరాలు లెక్కపెడితే చాలు. మా కవితలో మొత్తం నూట పన్నెండు అక్షరాలు. మొదటి పంక్తిలో పదకొండు, అన్నిటికన్నా పొడుగైన అయిదో పంక్తిలో పదహారు. రికార్డింగులో ఎడాలు తీసేసి వట్టి మాటలు కొలిస్తే 32 సెకన్లు వచ్చింది. అంటే సెకనుకి మూడున్నర అక్షరాలు. మామూలుగా మాట్లాడేటప్పుడు మనం ఇంతకంటే చాలా వేగంగా మాట్లాడతాం. మీ ఇంట్లో ఎవరైనా చదివితే ఈ అంకె మారుతుంది. కాబట్టి ఒకసారి చదివించి, అక్షరాలని సెకన్లతో భాగించి చూసుకోండి. ఆ అంకె తెలిస్తే ఏ పంక్తి ఎంతసేపు పడుతుందో బొమ్మలు వెతక్కముందే తెలిసిపోతుంది.

మాటలకి 32 సెకన్లు పోతే, మిగిలిన 26 సెకన్లూ మౌనానివే. అసలు పని అక్కడే ఉంది. మొదట్లో నాలుగు సెకన్లు: బొమ్మా శ్రుతీ వచ్చి, చూసేవాళ్లు చేతిలో పని ఆపడానికి. మామూలు పంక్తుల మధ్య సెకనున్నర. మూడో పంక్తి తర్వాతా, ఆరో పంక్తి తర్వాతా మూడేసి సెకన్లు, ఎందుకంటే కాగితం మీద అక్కడ ఖాళీ గీత ఉంది. కాగితం మీది ఖాళీ చెవికి వినపడాలి కదా. ఏడో పంక్తికీ ఎనిమిదో పంక్తికీ మధ్య నాలుగు సెకన్లు. చివర ఆరు. రేడియోలో నాలుగు సెకన్లు ఎవరూ మాట్లాడకపోతే స్టేషను పోయిందనుకుని ముల్లు తిప్పేవాళ్లం. ఎదురుగా బొమ్మ ఉన్నప్పుడు ఆ భయం లేదు, కన్ను ఆ మౌనాన్ని మోస్తుంది. వీడియోలో కవితకి ఉన్న సౌకర్యం ఇదేనని నాకనిపిస్తుంది. విచిత్రంగా, ఎక్కువమంది వాడుకోనిదీ ఇదే.

బొమ్మల దగ్గరికొస్తే, మేనల్లుడు చేసిన మొదటి కూర్పులో ఎనిమిది పంక్తులకి పదకొండు బొమ్మలున్నాయి. ‘నుయ్యి’ అనగానే ఇంటర్నెట్ నుంచి తెచ్చిన ఏదో నుయ్యి, ‘అమ్మ’ అనగానే దండ వేసిన మా నాయనమ్మ ఫొటో, ‘ఆకాశం’ అనగానే నీలాకాశం, ‘గడియారం’ అనగానే గోడ గడియారం. చిన్నప్పటి ‘అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు’ పుస్తకంలా తయారైంది. మాట చెప్పిందే బొమ్మ మళ్లీ చెబితే రెంటిలో ఒకటి దండగ. అంతకన్నా పెద్ద చిక్కు నాయనమ్మ ఫొటోతో వచ్చింది. మూడో పంక్తిలో ప్రాణమంతా ‘గాడి’ అన్న మాటలో ఉంది. కాని తెర మీద తెలిసిన ముఖం కనిపించగానే అందరి కళ్లూ ఆ ముఖం మీదికి పోతాయి. మా అత్తయ్యకి చూపించి ‘మూడో పంక్తి ఏమిటి?’ అని అడిగితే “అమ్మ గురించి ఏదో ఉంది కదరా” అంది. గాడి ఆవిడ చెవిన పడనే లేదు. బొమ్మ మాటని మింగేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి పరీక్ష నాకు తెలియదు. కవిత ఎరగనివాళ్లకి ఒకసారి చూపించి, ఆ పంక్తి ఏమిటని అడగడమే.

చివరికి అయిదే బొమ్మలు మిగిలాయి. మొదటి పంక్తికి నుయ్యి లేదు, వీధిలోంచి తీసిన నాలుగు వాకిళ్లు ఉన్నాయి. ‘నాలుగు’ అని వింటూ చూసేవాళ్లు తమకు తెలియకుండానే గుమ్మాలు లెక్కపెడతారు. ‘ఒకే నుయ్యి’ అనేసరికి అది ఎక్కడుందా అని వెతుక్కుంటారు. రెండు, మూడు పంక్తులకి కలిపి ఒకే బొమ్మ: అరిగిన రాయి. నుయ్యి పూడ్చినప్పుడు ఆ రాయిని తీసి పెరట్లో బట్టలుతికే చోట వేశారు. మధ్యాహ్నం ఎండలో ఫొటో తీస్తే వట్టి రాయిలాగే ఉంది. పొద్దున ఏడు గంటలప్పుడు, ఎండ ఏటవాలుగా పడుతుండగా తీస్తే గాడులన్నీ నీడలతో తేలాయి. నాలుగో పంక్తికి అటక మీద దొరికిన గిలక. అయిదు, ఆరు పంక్తులకి నూతి గట్టు మీదికి వంగి లోపలికి చూస్తున్న పిల్లల పాత నలుపు తెలుపు ఫొటో. అందులో నేనూ ఉన్నాను, వీపు మాత్రమే కనిపిస్తుంది. ఏడు, ఎనిమిది పంక్తులకి ఇప్పటి గచ్చు, దాని మీద ఏమీ లేదు.

ఆ పాత ఫొటో గురించి ఒక మాట. నాలుగంగుళాల వెడల్పు, మూడంగుళాల ఎత్తు. వీడియో వెడల్పు 1920 చుక్కలు. స్కానర్లో మామూలుగా ఉండే 300 డీపీఐలో స్కాన్ చేస్తే మనకొచ్చేది 1200 చుక్కలే, తెర నిండా సాగదీస్తే మసకబారుతుంది. 600లో చేస్తే 2400 చుక్కలు వస్తాయి. తెరకి సరిపోయి, బొమ్మ మీద కాస్త కదలడానికి చోటు కూడా మిగులుతుంది. మేం పిల్లల తలల దగ్గర మొదలుపెట్టి, పన్నెండు సెకన్లలో చాలా నెమ్మదిగా నూతి నోటి దాకా కిందికి దింపాం. కదులుతోందని చూసేవాళ్లకి తెలియకూడదు, చివరికి వేరే చోట ఉన్నామని మాత్రం తెలియాలి. స్కానర్ లేకపోతే కిటికీ దగ్గర, నేరుగా ఎండ పడని చోట, ఫ్లాష్ లేకుండా ఫోనుతో తీయవచ్చు. ఫ్లాష్ వేస్తే నిగనిగలాడే పాత కాగితం మీద తెల్లటి మచ్చ పడుతుంది.

బొమ్మ ఎప్పుడు మారాలి? పంక్తి మొదలయ్యే క్షణానే మారితే కన్నూ చెవీ ఒకేసారి కొత్త పనిలో పడతాయి, మొదటి మాట తప్పిపోతుంది. తెలుగులో పంక్తి మొదటి మాట పోతే చాలా పోతుంది. అందుకని బొమ్మ పంక్తికన్నా ముప్పావు సెకను ముందే, అంటే ఎడం మధ్యలో రావాలి. మా రెండో పంక్తి 8.6 సెకన్ల దగ్గర మొదలవుతుంది. రాయి బొమ్మ 7.9 దగ్గర వస్తుంది. ఒక బొమ్మ కరుగుతూ ఇంకోటి తేలే మార్పుకి సెకను పెట్టుకున్నాం కాబట్టి అది 7.4 దగ్గర మొదలై 8.4కి పూర్తవుతుంది, మాట మీదికి రాదు. ఆ మార్పుని రెండు సెకన్లు చేస్తే సెకనున్నర ఎడంలో పట్టదు, అటో ఇటో ఒక పంక్తి మీదికి పొర్లుతుంది. ‘ఏదో గజిబిజిగా ఉంది, ఏమిటో తెలియడం లేదు’ అని ఎవరైనా అన్నారంటే తొంభై పాళ్లు ఇదే కారణం. చివరి గచ్చు మాత్రం మేం కావాలనే ఇంకా ముందే, పంక్తికి సెకనున్నర పైన ముందు తెచ్చాం. పిల్లలు మాయమై గచ్చు వచ్చాక, ఎవరూ ఏమీ అనక ముందే, విషయం సగం తెలిసిపోవాలని.

“మామయ్యా, ఇరవై సెకన్లు ఒకే గచ్చు చూపిస్తే అందరూ స్క్రోల్ చేసేస్తారు” అన్నాడు మేనల్లుడు. నాకూ ఆ అనుమానం ఉంది. కాని దాని బదులు పెట్టదగ్గ బొమ్మ ఇద్దరికీ తట్టలేదు. అందుకని ఉంచేశాం.

ఇక వెనక సంగీతం. మొదట వాడు ఒక ప్రసిద్ధ సినిమా పాట వేణువు మీద వాయించింది పెట్టాడు. తియ్యగా ఉంది. చిక్కేమిటంటే ఆ బాణీ వినగానే ఆ పాట మాటలు మనసులో వచ్చేస్తాయి, నాన్నగారి మాటలతో పోటీ పడతాయి. తాళం ఉన్న సంగీతమైతే ఇంకో ఇబ్బంది: దెబ్బ ఒక చోట పడుతుంది, పంక్తి ఇంకో చోట మొదలవుతుంది, చదివేవాళ్లే తాళం తప్పినట్టు వినిపిస్తుంది. నాన్నగారు విని, “ఒరేయ్, నేను చదివేది వినిపించాలనా, అది వినిపించాలనా?” అన్నారు. అందుకే బాణీ, తాళం రెండూ లేనిదాన్ని ఎంచుకున్నాం. మా చెల్లెలు సంగీతం నేర్చుకుంటుంది, దాని దగ్గరున్న శ్రుతిపెట్టెని అదే గదిలో రెండు నిమిషాలు రికార్డు చేశాం. ఒకటో శ్రుతిలో, రెండులో, నాలుగులో పెట్టి మూడింటి మీదా నాన్నగారి గొంతు వేసి విన్నాం. రెండులో ఆయన గొంతు శ్రుతి మీద హాయిగా కూర్చుంది. నాలుగులో ఏదో ఫిర్యాదు చేస్తున్నట్టుంది.

ఇందులో చట్టం సంగతి కూడా ఉంది. మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం రచనకీ స్వరరచనకీ కర్త మరణించాక అరవై ఏళ్ల దాకా, రికార్డింగుకి అది విడుదలయ్యాక అరవై ఏళ్ల దాకా హక్కులుంటాయి. రెండూ వేరువేరు హక్కులు. త్యాగరాజు కీర్తన మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు. కాని నిన్నమొన్న ఎవరో పాడి విడుదల చేసిన ఆ కీర్తన రికార్డు మీద ఉంటుంది. అందుకే ‘పాత కీర్తనే కదా’ అని పెట్టినవాళ్ల వీడియో పైకి ఎక్కించగానే శబ్దం ఆగిపోయి, ఇదేమిటని కంగారు పడుతుంటారు. మన శ్రుతి మనమే రికార్డు చేసుకుంటే ఈ బెడద లేదు.

ఎంత మెల్లగా ఉండాలన్నదానికి ఒక కొలత చెబుతాను. ఎడిటింగ్ యాప్‌లలో శబ్దం డెసిబెళ్లలో చూపిస్తారు, సున్నా అంటే అంచు, దాటితే గొంతు చిట్లుతుంది. గొంతు బాగా పైకెళ్లిన చోట మైనస్ ఆరు దగ్గర ఉండేలా చూసుకుని, శ్రుతిని దానికి ఇరవై డెసిబెళ్లు కింద పెట్టాం. ఇరవై తక్కువ అంటే అల ఎత్తు పదో వంతు. వింటే ‘ఉందా, లేదా’ అనిపిస్తుంది. ఆపేస్తే మాత్రం ఏదో పోయినట్టు తెలుస్తుంది, ఉండాల్సింది అంతే. ఫోను స్పీకర్లో ఒక్కచోటే విని నిర్ణయించకూడదు. శ్రుతిలోని మంద్ర స్వరాలు అంత చిన్న స్పీకర్లో వినపడవు, చాల్లేదని పెంచేస్తాం. అదే వీడియో హాల్లో టీవీ మీద పెడితే గొంతుని కప్పేస్తూ గుయ్ మంటుంది. ఫోనులో ఒకసారి, ఇయర్‌ఫోన్లతో ఒకసారి, టీవీలో ఒకసారి విన్నాకే ఖాయం చేశాం. మాట ఆగినప్పుడల్లా సంగీతం తనంతట తాను పెరిగే సదుపాయం చాలా యాప్‌లలో ఉంది. సెకనున్నర ఎడాల్లో అది వాడితే సంగీతం రొప్పుతున్నట్టు పైకీ కిందికీ ఊగుతుంది. మూడు సెకన్ల ఎడాలు రెండింటిలో మాత్రం చేత్తో కొంచెం పెంచాం.

ఏడో పంక్తి 43.7 సెకన్ల దగ్గర ముగుస్తుంది. అక్కడి నుంచి రెండు సెకన్లలో శ్రుతి పూర్తిగా తగ్గి ఆగిపోతుంది. తర్వాత రెండు సెకన్లు ఉత్త గది హోరు. 47.7కి ఆఖరి పంక్తి. ‘గిలక వినిపిస్తుంది నాకు’ అన్న చోట గిలక చప్పుడు పెడదామని మా ఇంట్లో ముగ్గురు అడిగారు. అటక మీద గిలక ఉంది, తిప్పితే కూస్తుంది కూడా. కాని వినిపించేది ‘నాకు’ అంటున్నారాయన. అందరికీ వినిపిస్తే ఆ మాట అబద్ధమవుతుంది. ఆ ఆరు సెకన్లూ ఖాళీగానే వదిలేశాం.

చెవి సరిగా వినపడని మా పెదనాన్నగారి కోసం తెర మీద అక్షరాలతో ఇంకో ప్రతి తీశాం. అందరికీ అదే ఇస్తే సరిపోదా అంటే, కన్ను గొంతుకన్నా వేగం. పంక్తి కనిపించగానే చదివేసి, ఆయన ఎప్పుడు పూర్తి చేస్తారా అని ఎదురుచూస్తాం. అక్షరాలు పెట్టాల్సి వస్తే ఒక్కో పంక్తే, గొంతుతో పాటే రానివ్వాలి. కొన్ని యాప్‌లలో తెలుగు ఒత్తులు విడిపోతాయి, లేదా కింద తెగిపోతాయి. ‘వాకిళ్లకి’, ‘గచ్చు’ లాంటి మాటలు వేసి ముందే చూసుకోవాలి. మాకు ఆ తిప్పలు తప్పలేదు, చివరికి పంక్తులని వేరేచోట బొమ్మలుగా చేసి అతికించాం.

పూర్తయ్యాక నాన్నగారికి టీవీలో వేసి చూపించాం. రెండుసార్లు చూశారు. “అయిదో పంక్తిలో నా ఆయాసం తీసెయ్యలేదేం?” అని అడిగారు. చెప్పాను. “సరే, ఉండనీ” అన్నారు. బంధువులకి వాట్సాప్‌లో పంపేటప్పుడు మామూలు వీడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపాం, లేకపోతే అది నలిగిపోయి రాతి మీది గాడులు అలుక్కుపోతున్నాయి. వీడియో కాకుండా ఆయన మూడుసార్లు చదివిన రికార్డింగులూ, ఆ పదిహేను సెకన్ల గది చప్పుడూ, 600లో స్కాన్ చేసిన ఫొటో, అన్నీ విడివిడిగా రెండు చోట్ల దాచాం. ఒకటి నా దగ్గర, ఒకటి చెల్లెలి దగ్గర.